ఖాళీ దొరికితేనే గుర్తొచ్చేవాళ్లు

‘ఏం చేస్తున్నావ్?’ ‘తిన్నావా?’ ‘పడుకున్నావా?’ వాట్సాప్‌లో తెలుగువాళ్ల కబుర్లు చాలావరకు వీటితోనే మొదలవుతాయి. ప్రాణంగా చూసుకునే అమ్మ కూడా ఇదే అడుగుతుంది. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, శుక్రవారం రాత్రి పదకొండున్నరకు ఊడిపడే పాత క్లాస్‌మేటూ ఇదే అడుగుతాడు. మాటలు అవే కాబట్టి, మాటల్ని పట్టుకుని మనిషిని అంచనా కట్టలేం. ఆ మెసేజ్ ఎందుకు వచ్చింది, మీరు గుర్తొచ్చా, అవతల మనిషికి పొద్దుపోకా అన్నది వేరే చోట వెతకాలి.

అవసరానికి మాత్రమే పలకరించేవాళ్లు మనకు కొత్త కాదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఎప్పుడో చెప్పుకున్నాం. ఏడాదంతా కనబడని దూరపు చుట్టం ఫోన్ చేశాడంటే తిరుమల దర్శనానికి సిఫారసు లెటరో, కొడుకు ఉద్యోగానికి రెఫరెన్సో కావాలని మనకు ముందే తెలిసిపోతుంది. నిజానికి వీళ్లతో పెద్ద చిక్కు లేదు. కావలసింది అడుగుతారు, ఇస్తే తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఏమిచ్చామో మనకు తెలుసు. బోర్ కొట్టి మెసేజ్ పెట్టేవాళ్లు పైకి ఏమీ అడగరు. వాళ్లకు కావలసింది మన సమయం, మన ధ్యాస. అవి తీసుకున్నట్టు వాళ్లకూ తెలియదు, ఇచ్చినట్టు మనకూ తెలియదు. పైగా ఆ గంటసేపూ కబుర్లు నిజంగానే బాగుంటాయి. అందుకే ఈ వ్యవహారం బయటపడటానికి నెలలు పడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను అల్లిందే, అయినా చదివేవాళ్లలో కొందరు ఇది తమ ఫోన్‌లోంచే తీశారనుకోవచ్చు. ఆమె విజయవాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్. అతను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్‌లో హాస్టల్. బీటెక్‌లో ఒకే క్లాసు. ఇద్దరి మధ్యా ప్రేమ అన్న మాట ఎప్పుడూ రాలేదు, కానీ రాకపోదు అన్నట్టుంటుంది వరస. ఆమె స్నేహితురాలు ఒకసారి, ‘వాడు నీకు ఖాళీగా ఉన్నప్పుడే మెసేజ్ పెడతాడే’ అంది. ఆమెకు కోపం వచ్చింది. ‘ఎప్పుడూ ముందు మెసేజ్ పెట్టేది తనే, నేను కాదు’ అంది. ఆ మాట రుజువు చేద్దామని ఆరు నెలల చాట్‌ను బయటకు తీసింది.

తీయడం సులువే. వాట్సాప్‌లో ఆ మనిషి చాట్ తెరిచి, పైన మూడు చుక్కల మెనూలో More, అందులో Export chat నొక్కి, Without media ఎంచుకుంటే, ప్రతి మెసేజ్ పక్కనా తేదీ, గంట, నిమిషం ఉన్న టెక్స్ట్ ఫైల్ వస్తుంది. దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి, ఇంకెవరికీ పంపకండి. అందులో అవతలివాళ్ల మాటలూ ఉన్నాయి.

ఫైల్ చూస్తే ఆమె అన్నది నిజమే. జనవరి నుంచి జూన్ దాకా 23 సార్లు మాట్లాడుకున్నారు, అందులో 19 సార్లు మొదలుపెట్టింది అతనే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ముందు పలకరించేది అతనే కాబట్టి ఇష్టం అతనికే ఎక్కువ అనుకుంటారు. ఈ లెక్క మోసం చేస్తుంది. బోర్ కొట్టినవాడే కదా ముందు ఫోన్ తీసేది! పొద్దుపోని మనిషి పనిలో ఉన్న మనిషికంటే ఎక్కువసార్లు పలకరిస్తాడు, అందులో వింత లేదు. చూడాల్సింది ఆ 19 ఎప్పుడెప్పుడు వచ్చాయన్నది.

అందులో 16 రాత్రి పదిన్నరకూ పన్నెండున్నరకూ మధ్య వచ్చాయి. ఎక్కువ శుక్రవారాలు, ఆదివారాలు. సంక్రాంతికి అతను ఊరెళ్లిన వారం రోజులూ ఒక్కటీ లేదు, ఇంటినిండా జనం. తిరిగొచ్చాక, రూమ్మేట్ ఇంకా ఊర్నుంచి రాని మూడు రాత్రులూ వరసగా ఉన్నాయి. మార్చి చివర్లో ఐపీఎల్ మొదలయ్యాక మెసేజ్‌లు దాదాపు ఆగిపోయాయి, ఫైనల్ అయిన వారానికి మళ్లీ మొదలయ్యాయి. ఆ తేదీల్లో ఆమె జీవితంలో జరిగినవాటికి, అంటే కాలేజీలో పరీక్షలు, వాల్యుయేషన్, ఇంట్లో పెళ్లిచూపుల గొడవ, వీటికి మెసేజ్‌లతో ఏ సంబంధమూ కనబడలేదు. ఆ తేదీలన్నీ అతని గదిలో ఎవరున్నారు, టీవీలో ఏముంది అన్నదాన్ని బట్టే నడిచాయి.

టైము ఒక్కటే చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. ఆఫీసులో పగలంతా ఊపిరి సలపని మనిషికి రాత్రి పదకొండే ఖాళీ. అందుకని రెండో పరీక్ష ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది ఇదే. అతను మొదలుపెట్టిన సంభాషణల్లో జవాబులు ఎంత వేగంగా వచ్చాయో, మీరు మొదలుపెట్టినప్పుడు ఎంత వేగంగా వచ్చాయో పక్కపక్కన పెట్టి చూడండి. ఆమె ఫైల్‌లో మొదటి రకం జవాబులు నిమిషం తిరక్కుండా వచ్చాయి. ఆమె తనంతట తాను పలకరించింది నాలుగు సార్లు. ఉద్యోగం మారాలా వద్దా అని సలహా అడిగితే తొమ్మిది గంటల తర్వాత ‘నీ ఇష్టం, ఏదైనా ఓకే’ అని వచ్చింది. తన పేపర్ ఒక సదస్సుకు ఎంపికైందని చెబితే మర్నాడు ఒక బొటనవేలు బొమ్మ. పుట్టినరోజు శుభాకాంక్షలకు మాత్రం వెంటనే థాంక్యూ వచ్చింది. మనిషి అదే, ఫోన్ అదే. జవాబివ్వడం రాక కాదు, తీరిక లేకా కాదు. తనకు కావలసినప్పుడు ఒక వేగం, ఆమెకు కావలసినప్పుడు ఇంకో వేగం.

నాలుగోది వాళ్లమ్మ ఆపరేషన్. ఒక ఆదివారం రాత్రి కబుర్ల మధ్యలో, ‘అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లట, గురువారం ఆపరేషన్’ అని రాసింది. ‘అయ్యో, టేక్ కేర్. ఏం కాదులే’ అన్నాడు. మరుసటి లైను, ‘సరే గానీ ఆ సిరీస్ చూశావా?’ గురువారం పొద్దున ఆసుపత్రి వరండాలో కూర్చుని, ‘అమ్మను లోపలికి తీసుకెళ్లారు’ అని ఆమే పెట్టింది. సాయంత్రానికి నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఎనిమిది రోజుల తర్వాత శుక్రవారం రాత్రి, ‘హాయ్, బోర్ కొడుతోంది. ఏంటి విశేషాలు?’ అని వచ్చింది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. అమ్మ మాట ఆమె ఎత్తేదాకా రాలేదు. ఎత్తగానే, ‘అవును కదా, ఎలా ఉన్నారు ఇప్పుడు?’ అన్నాడు.

ఆ చివరి ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. అతనికి గుర్తులేక కాదు. గుర్తుచేస్తే గుర్తొచ్చింది, అడిగాడు కూడా. కాకపోతే ఫోన్ చేతిలోకి తీసుకున్న క్షణంలో అతని ముందున్నది ఆమె కాదు, తన ఖాళీ. మనల్ని తలచుకుని పలకరించే మనిషి పోయినసారి ఆగిన చోటునుంచి మొదలుపెడతాడు. ‘అమ్మకు కుట్లు విప్పారా?’ అంటాడు. పొద్దుపోక పలకరించేవాడు ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెడతాడు. వరసగా పది సంభాషణల మొదటి లైన్లు మాత్రమే చదవండి. అన్నీ ఎవరికైనా పంపదగ్గవే అయితే, అవి ఎవరికైనా పంపినవే అయుండొచ్చు. ఒకే ‘హాయ్’ ఒకేసారి నలుగురికి వెళ్లడం, ముందు పలికినవాళ్లతో రాత్రి గడవడం మామూలే. (పొద్దున్నే గులాబీలతో గుడ్ మార్నింగ్ పంపే పెద్దమ్మల సంగతి వేరు. వాళ్లు అందరికీ పంపుతున్నామని దాచుకోరు.)

ఇదంతా చదివి అతన్ని దుర్మార్గుడనుకోనక్కర్లేదు. బోర్ మనుషులతో చిత్రమైన పనులు చేయిస్తుంది. అమెరికాలో తిమోతీ విల్సన్ అనే మనస్తత్వవేత్త బృందం 2014లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. మనుషుల్ని ఫోనూ పుస్తకమూ లేకుండా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టారు. కావాలంటే నొక్కి చిన్న కరెంటు షాక్ తగిలించుకునే బటన్ ఒకటి ఇచ్చారు. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని అంతకుముందే చెప్పినవాళ్లు వీళ్లు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు కనీసం ఒకసారి బటన్ నొక్కేశారు. కొద్దిమందిపై చేసిన ప్రయోగమే, కాబట్టి దాన్నిబట్టి మగవాళ్లింతేనని తేల్చనక్కర్లేదు. కానీ ఊరికే కూర్చోలేని మనిషి షాకైనా కోరుకుంటాడంటే, చేతిలో వాట్సాప్ ఉన్నవాడు నాలుగు ‘హాయ్’లు విసరడంలో ఆశ్చర్యమేముంది?

ఒంటరితనం బోర్‌కంటే బరువైంది. దానిమీద ఏళ్ల తరబడి పనిచేసిన శాస్త్రవేత్త జాన్ కాసియోపో, అది ఆకలి దప్పికల్లాగే శరీరం మోగించే గంట అనేవాడు. ఆకలి తిండి దగ్గరకు తోలినట్టు ఒంటరితనం మనుషుల దగ్గరకు తోలుతుంది. ఆ కోణంలో చూస్తే, ఈ సంభాషణలు ఎందుకంత అర్ధాంతరంగా తెగిపోతాయో అర్థమవుతుంది. మీరు ఏదో పొడుగ్గా రాస్తుండగా, ‘సరే, ఫ్రెండ్స్ వచ్చారు, మళ్లీ మాట్లాడతా’ అని వస్తుంది. ఒక్కోసారి అదీ రాదు. ఆకలి తీరింది, లేచాడు. సంభాషణ ముగిసే తీరు కూడా ఓ ఆనవాలే. మీ మాట పూర్తయ్యాక ముగుస్తోందా, అతని ఖాళీ నిండాక ముగుస్తోందా అన్నది పదిసార్లు చూస్తే తెలిసిపోతుంది.

మరి ఇంత కనబడుతున్నా మనమెందుకు ఎదురుచూస్తాం? మెసేజ్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి. బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ పావురాలతో చేసిన ప్రయోగాలను 1957లో పుస్తకంగా తెచ్చారు. మీటను పొడిచిన ప్రతిసారీ గింజ పడుతుంటే, గింజలు ఆపేసిన కొద్దిసేపటికే పావురం మానేస్తుంది. ఎన్నోసారికి పడుతుందో తెలియకుండా అప్పుడప్పుడూ వేస్తే మాత్రం, గింజలు పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. రోజూ మాట్లాడే స్నేహితురాలి మెసేజ్‌ను సాయంత్రం తీరిగ్గా చూసుకునే ఆమె, ఎప్పుడొస్తుందో తెలియని అతని మెసేజ్‌కు మాత్రం నిద్రలోంచి లేచి జవాబిస్తుంది. అది తనకున్న ప్రేమ లోతు అనుకుంటుంది. అందులో కొంత ప్రేమే కావచ్చు. కానీ అరుదుగా, అదను లేకుండా వచ్చేదానిమీద మనసు ఎలాగూ ఎక్కువ లాగుతుంది, అవతల ఎవరున్నా సరే.

ఈ పరీక్షలు పెట్టకూడని మనుషులూ ఉన్నారు. డాలస్‌లో ఉన్న కొడుకు పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకు కారులో వెళ్తూ అమ్మకు ఫోన్ చేస్తాడు. ఇక్కడ వేసవిలో అప్పుడు సాయంత్రం ఆరున్నర. రోజూ ఆ అరగంటే, ఆఫీసు పార్కింగ్ రాగానే, ‘ఉంటానమ్మా’. ఇదీ వీలు చూసుకుని చేసే ఫోనే. కానీ, ‘బీపీ మాత్రలు మార్చారన్నావు కదా, ఇప్పుడు తల తిరగడం తగ్గిందా?’ అని అడుగుతున్నాడంటే నిన్నటి మాట అతనికి ఇవాళా ఉంది. మనిషి తనకు వీలైన టైములో ప్రేమగా ఉండటం తప్పు కాదు. ఇంకెప్పుడు ఉంటాడు?

చాలా కాలానికి హఠాత్తుగా పలకరించిన ప్రతి పాత స్నేహితుణ్నీ అనుమానించడం కూడా అన్యాయం. పెగ్గీ లియు అనే పరిశోధకురాలి బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఊరికే గుర్తొచ్చి పలకరిస్తే అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారన్నది పలకరించేవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. ఏం అనుకుంటారోనని చాలామంది మెసేజ్ టైప్ చేసి చెరిపేస్తారు కూడా. అలా మొహమాటపడి ఎప్పుడో ఒకసారి పలకరించేవాణ్ని మన లెక్కలతో బెదరగొట్టకూడదు. ఒకసారి వచ్చిన మెసేజ్‌తో ఏమీ తేలదు. నెలల తరబడి వరస చూడాలి.

వరస అనుమానంగా ఉంటే పరీక్షించడానికి నీలం టిక్కులు ఆఫ్ చేయడం, అలిగి మౌనం పాటించడం లాంటివి పనికిరావు. వాటివల్ల మీ ఎదురుచూపులు పెరుగుతాయి తప్ప ఏమీ తెలియదు. రాత్రి మెసేజ్‌కు మర్నాడు మీకు తీరికైనప్పుడు మర్యాదగా జవాబివ్వండి. ‘రాత్రి పడుకున్నాను, ఏంటి సంగతి?’ నిజంగా మీతో చెప్పాల్సింది ఉన్నవాడికి అది పగలు కూడా ఉంటుంది. బోర్ మాత్రం తెల్లారేసరికి పోతుంది, అప్పుడు, ‘ఏం లేదు, ఊరికే’ అని వస్తుంది, లేదా ఏమీ రాదు. నాలుగైదు సార్లు ఇలా చేసేసరికి చాలావరకు తేలిపోతుంది. కొందరు మెసేజ్‌లే మానేస్తారు. మీతో గొడవేమీ లేదు, ఆ టైములో పలికే మనిషి ఇంకొకరు దొరికారు, అంతే.

ఇంకా సందేహంగా ఉంటే అతనికి కాస్త ఖర్చయ్యేది ఒకటి అడగండి. డబ్బు కాదు, టైము. ‘ఆదివారం పొద్దున పదింటికి ఓ పావుగంట ఫోన్ చేస్తావా? ఉద్యోగం గురించి మాట్లాడాలి.’ ఇక్కడ కుదరదనడం తప్పు కాదు, ఎవరి పనులు వాళ్లకుంటాయి. కుదరనప్పుడు ఇంకో టైము చెప్పాడా అన్నదే చూడండి. ‘ఆదివారం ఊరెళ్తున్నా, సోమవారం రాత్రి చేస్తా’ అన్నవాడికి మీరు కావాలి. ‘చూద్దాం’ అని వదిలేసి, బుధవారం రాత్రి పదకొండుకు ‘ఏం చేస్తున్నావ్?’ అన్నవాడికి మీ పావుగంటతో పని లేదు, తన గంటతోనే పని.

ఆ తర్వాత నోరు విప్పి చెప్పడమే మేలు. ‘నీకు తోచనప్పుడే నేను గుర్తొస్తున్నానేమో అనిపిస్తోంది’ అంటే చాలు, టెక్స్ట్ ఫైల్ తీసి తేదీలు చదవక్కర్లేదు. చాలామంది మొదట ఉలిక్కిపడతారు, బుకాయిస్తారు, నొచ్చుకుంటారు. ఆ నిమిషంలో అన్న మాటల్ని పట్టుకోకండి, నెల చూడండి. కొందరు మూడు రోజులు గుడ్ మార్నింగ్ నుంచి గుడ్ నైట్ దాకా మెసేజ్‌లు గుప్పించి నాలుగో రోజు మాయమవుతారు. అది సంజాయిషీ మాత్రమే. కొందరు మాత్రం ఎక్కువ మాట్లాడరు గానీ, రెండు వారాలాగి ఒక మధ్యాహ్నం, ‘అమ్మగారికి స్కానింగ్ అన్నావు, ఏమన్నారు?’ అని అడుగుతారు. ఆ స్నేహాన్ని ఉంచుకోవచ్చు.

మారకపోయినా తెంచుకుని తీరాలని లేదు. కాలక్షేపం స్నేహాలు అందరికీ ఉంటాయి, సరదాగానూ ఉంటాయి. మీకూ బోర్ కొట్టినప్పుడు, మీకూ నిద్ర రానప్పుడు మాట్లాడుకోండి. చిక్కల్లా ఒకరు కాలక్షేపం అనుకుంటున్నదాన్ని ఇంకొకరు జీవితం అనుకుని పెళ్లి సంబంధాలు వెనక్కి పంపడంలో ఉంది. అతన్ని అతను ఉన్న చోటే లెక్కవేసుకుంటే, ఆపరేషన్ రోజున ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు ముందే తెలిసేది.

ఒక్క చోట మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. రాత్రిళ్లు వచ్చే మెసేజ్‌లలో కబుర్లు పోయి, ‘ఏం చేసినా దండగే’, ‘నేను లేకపోతే ఎవరికేం’ లాంటి మాటలు వస్తుంటే, నిద్ర లేని రాత్రులు వరసగా కనబడుతుంటే, అది వాడుకోవడం కాదు, సాయం అడగడం. అప్పుడు పొద్దున దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి, సూటిగా అడగండి, దగ్గరలో ఉన్న వాళ్లింటివాళ్లకో రూమ్మేట్‌కో చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.